లూప్‌లో ముందు మూలలు చూడండి, గీతల సంగతి తర్వాత

స్లైడు అందరికీ కనిపిస్తోందా? వెనక బెంచీ వాళ్లకి? సరే. ఫ్యాను ఆపితే ఉడికిపోతాం, మే నెల నెల్లూరు గదా, అందుకని నేనే కాస్త గట్టిగా మాట్లాడతాను.

తెర మీద ఉన్న ఈ డబ్బా లాంటి బొమ్మే ప్రెషర్-వాల్యూమ్ లూప్. నిన్న చూసిన కార్డియాక్ సైకిల్ స్లైడులో గీతలన్నీ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి, అడుగున టైము ఉంది. ఇందులో టైమే లేదు, మొదటి తిరకాసు అక్కడే. అడ్డంగా ఉన్నది ఎడమ జఠరికలో ఆ క్షణాన ఎన్ని మిల్లీలీటర్ల రక్తం ఉందో చెబుతుంది, నిలువుగా ఉన్నది ఆ గది లోపల ప్రెషర్ ఎంతో, బీపీ కొలిచే మిల్లీమీటర్లలోనే. గుండె ఒకసారి కొట్టుకుంటే ఒక చుట్టు, అంతే.

ఏ వైపుకి తిరుగుతుంది? నేను చదువుకునే రోజుల్లో వైవాలో ఇదే అడిగారు. గ్రాఫంటే ఎడమ నుంచి కుడికి చదవడం అలవాటై, గడియారం ముల్లు తిరిగినట్టే సార్ అనేశాను. ఆయన కోప్పడలేదు, తాపీగా, "అయితే నీ గుండె తక్కువ ప్రెషర్‌తో రక్తాన్ని బయటికి పంపి, ఎక్కువ ప్రెషర్‌లో లోపలికి నింపుకుంటుందన్నమాట" అన్నాడు. గది మొత్తం నవ్వింది. ఆ తర్వాత నేను ఎప్పుడూ తప్పలేదు: లూప్ గడియారానికి ఎదురు తిరుగుతుంది, కింద నింపుకుంటూ కుడికి పోతుంది, పైన ఖాళీ చేసుకుంటూ ఎడమకి వస్తుంది.

ఇంకోటి, గీత పొడుగు చూసి ఎక్కువసేపు పట్టిందనుకోవద్దు. నిమిషానికి 75 సార్లు కొట్టుకునే గుండెలో ఒక చుట్టుకి 0.8 సెకను. అందులో ఈ కుడి నిలువు గీత, బొమ్మలో ఇంత ఎత్తున కనబడుతోందే, అది సుమారు 0.05 సెకను మాత్రమే. అడుగున ఉన్న గీతకి అర సెకను దాకా పడుతుంది.

ఇక అసలు విషయం. పుస్తకంలో నాలుగు గీతలకి నాలుగు పేర్లు రాసి ఉంటాయి, వాటిని బట్టీ కొడతారు, నెలకి మరిచిపోతారు. నేను చెప్పేదేమంటే గీతలు వదిలేసి మూలలు పట్టుకోండి. నాలుగు మూలలు, ఒక్కో మూల దగ్గర ఒక వాల్వ్ తెరుచుకోవడమో మూసుకోవడమో. మధ్యలో గీత అంటే ఆ తలుపులు అలా ఉండగా గదిలో ఏం జరిగిందో అది.

వాల్వుని ఎవరు తెరుస్తారు? ఇక్కడ కాలవ గట్టున ఆయిలింజన్ పెట్టి పొలానికి నీళ్లు తోడిన ఇళ్ల పిల్లలు ఉంటారు. పైపు అడుగున ఫుట్ వాల్వ్ చూశారుగా? దాన్ని చేత్తో ఎవరూ తెరవరు, లాగితే నీళ్లే దాన్ని తోసుకుని పైకి వస్తాయి, ఇంజన్ ఆగితే పైపులో నీళ్ల బరువుకే మూసుకుంటుంది. గుండె వాల్వులూ అంతే. వాటిని తెరిచే కండరం లేదు. లోపల ఉన్న పాపిల్లరీ కండరాలు కూడా మైట్రల్ రెక్కలు కర్ణికలోకి తిరగబడకుండా తాళ్లతో పట్టుకుంటాయే గానీ, తెరిచి మూసేది అవి కాదు. అటు ఎక్కువా ఇటు ఎక్కువా అన్న ప్రెషర్ తేడానే తెరుస్తుంది, మూస్తుంది.

ఇప్పుడు కుడి అడుగు మూలకి రండి. జఠరిక నిండిపోయింది, 120 మిల్లీలీటర్లు ఉన్నాయి, ప్రెషర్ 8 దగ్గర ఉంది. గుండె బిగుసుకోవడం మొదలెట్టింది. లోపలి ప్రెషర్ ఎడమ కర్ణిక ప్రెషర్‌ని దాటగానే మైట్రల్ వాల్వ్ మూసుకుంది. స్టెతస్కోపులో వినే మొదటి శబ్దం, లబ్, ఈ మూల దగ్గరే. అయోర్టిక్ వాల్వ్ ఇంకా తెరుచుకోలేదు, ఎందుకంటే దాని అవతల అయోర్టాలో 80 ప్రెషర్ కాచుకుని ఉంది. రెండు తలుపులూ మూసే ఉన్నాయి, రక్తం ఎటూ పోలేదు, వాల్యూమ్ 120 నుంచి కదలదు, ప్రెషర్ మాత్రం పైకి. అందుకే గీత నిట్టనిలువు. ఐసోవాల్యూమెట్రిక్ కాంట్రాక్షన్ అన్న పెద్ద పేరు దీనిదే.

ప్రెషర్ 80 దాటింది, కుడి పై మూల, అయోర్టిక్ వాల్వ్ తెరుచుకుంది, శబ్దం లేదు. మీరు చేతికి పట్టీ కట్టి 120 బై 80 అని రాస్తారే, ఆ కింది అంకె దాదాపు ఈ మూల ఎత్తు, పై అంకె దాదాపు ఈ పై గీత శిఖరం. కింది అంకె 100 ఉన్న పేషెంటుకి ఈ మూల 100 దాకా ఎక్కాలి, అప్పటిదాకా ఒక్క చుక్క బయటికి పోదు. బీపీ చార్టులోనే లూప్ సగం ఉందన్నమాట, మనమే చూడం.

పై గీత వెంట రక్తం బయటికి పోతుంది, ప్రెషర్ 120 దాకా ఎక్కి దిగుతుంది, 100 దగ్గరికి వచ్చేసరికి అయోర్టిక్ వాల్వ్ మూసుకుంటుంది, రెండో శబ్దం, డబ్, ఎడమ పై మూల. లోపల మిగిలింది 50. అంటే 70 బయటికి పోయింది. 70ని 120తో భాగిస్తే 58 శాతం, ఎజెక్షన్ ఫ్రాక్షన్ అని ఎకో రిపోర్టులో రాసేది ఇదే. మళ్లీ రెండు తలుపులూ మూసి ఉన్నాయి, ఎడమ గీత 50 దగ్గర నిట్టనిలువుగా కిందికి దిగుతుంది. ప్రెషర్ కర్ణిక కన్నా తగ్గగానే, సుమారు 5 దగ్గర, మైట్రల్ వాల్వ్ తెరుచుకుంటుంది, ఎడమ అడుగు మూల. అడుగు గీత మొదట్లో కొంచెం కిందికి వంగడం గమనించారా? నిండుతుంటే ప్రెషర్ పెరగాలి గదా? జఠరిక ఇంకా వదులవుతూనే ఉంది, నిండేదానికన్నా వదులయ్యేది ఎక్కువ, అందుకు.

ఇంతవరకూ ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. ఇప్పుడు తలుపు పాడైతే ఏమవుతుందో చూద్దాం, అర్థమైందో లేదో అక్కడే తేలిపోతుంది.

తర్వాతి స్లైడు. ఇది మైట్రల్ వాల్వ్ సరిగ్గా మూసుకోని గుండె, చాలాకాలంగా కారుతున్నది. రుమాటిక్ జ్వరం వచ్చి పోయినవాళ్లలో ఇది చూస్తాం. అంకెలు లెక్క కుదిరేలా నేను వేసుకున్నవి, పేషెంటువి కావు. నిండినప్పుడు 180, చివర్లో 60. అంటే 120 మిల్లీలీటర్లు తోసింది. ఫ్రాక్షన్ లెక్కేస్తే 67 శాతం. చూశారా, మామూలు గుండె కన్నా బ్రహ్మాండంగా ఉంది! ఈ పేషెంటు మాత్రం రెండు మెట్లెక్కితే ఆయాసపడతాడు. ఎక్కడ మోసపోయాం?

కుడి గీత చూడండి, నిలువుగా లేదు, ఎడమకి వాలింది. 180 దగ్గర మొదలై, 80 ప్రెషర్‌కి వచ్చేసరికి 165కి జరిగింది. అయోర్టిక్ వాల్వ్ ఇంకా తెరుచుకోనే లేదు, 15 మిల్లీలీటర్లు ఎటు పోయినట్టు? మూయని తలుపు గుండా వెనక్కి, కర్ణికలోకి. ఫుట్ వాల్వులో పుల్ల అడ్డం పడ్డ పైపు లాగా.

పై గీతలో 165 నుంచి 70కి వచ్చింది, 95 పోయింది. ఇందులో 70 ముందుకి అయోర్టాలోకి, 25 వెనక్కి. ఈ రెండూ ఒకేసారి జరుగుతాయి కాబట్టి లూప్ వాటిని విడదీసి చూపించదు, ఈ బొమ్మకి ఉన్న పెద్ద పరిమితి ఇది. గది నుంచి ఎంత పోయిందో చెబుతుంది, ఏ గుమ్మం గుండా పోయిందో చెప్పదు. మన ఉదాహరణలో 70 అని నేను పెట్టుకున్నాను కాబట్టి తెలుసు, నిజం పేషెంటుకైతే ఎకోలో డాప్లర్ పెట్టి చూడాల్సిందే.

అయోర్టిక్ వాల్వ్ మూసుకుంది. లెక్క ప్రకారం ఇప్పుడు ఎడమ గీత నిలువుగా దిగాలి. దిగలేదు, 70 నుంచి 60కి జరుగుతూ దిగింది. ఎందుకంటే జఠరికలో ప్రెషర్ ఇంకా కర్ణిక కన్నా చాలా ఎక్కువ, కారడం ఆగలేదు. ఇంకో 10. మొత్తం 15, 25, 10 కలిపితే 50 వెనక్కి, 70 ముందుకి. తోసిన 120లో ఒంటికి అందింది 70 మాత్రమే. వెనక్కి పోయిన 50 తర్వాతి చుట్టులో మళ్లీ దిగి వస్తుంది, అందుకే 180 దాకా నిండుతోంది.

ఇప్పుడు చెవికి రండి. మైట్రల్ కారుతున్నప్పుడు మర్మర్ ఎప్పుడు మొదలవుతుంది, ఎప్పుడు ఆగుతుంది? మొదటి శబ్దంతోనే మొదలై, రెండో శబ్దం దాకా ఒకే తీరున సాగి, దాన్ని మింగేస్తుంది. పాన్‌సిస్టోలిక్ అని పేరు పెట్టి వదిలేస్తారు. ఎందుకలా అంటే సమాధానం ఈ వాలిన రెండు గీతల్లో ఉంది: అయోర్టిక్ వాల్వ్ తెరవకముందే 15 కారింది, మూసుకున్నాక కూడా 10 కారింది. అదే అయోర్టిక్ వాల్వ్ ఇరుకైన పేషెంటుని తీసుకోండి. లూప్ బాగా పొడుగ్గా పైకి లేస్తుంది, పక్క గీతలు మాత్రం నిలువుగానే ఉంటాయి. ఆ మర్మర్ మొదటి శబ్దం అయ్యాక చిన్న ఖాళీ వదిలి మొదలవుతుంది, ఎందుకంటే ఆ నిలువు గీత నడిచే 0.05 సెకనులో ఎక్కడా రక్తం కదలదు. చప్పుడు రావాలంటే రక్తం కదలాలి గదా.

కాబట్టి స్లైడు చూపించి ఏ వాల్వ్ అని ఎవరైనా అడిగితే ముందు పక్క గీతలు నిలువుగా ఉన్నాయా లేదా చూడండి. ఎత్తు, వెడల్పు తర్వాత. నిలువు పోయిందంటే ఏదో తలుపు కారుతోంది.

ఒక ప్రశ్న వేసి ఆపేస్తాను. మైట్రల్ బాగుంది, కారేది అయోర్టిక్ వాల్వ్. ఎడమ గీత ఎటు వాలుతుంది? ఎడమకా? ఎవరమ్మా అది, కందుకూరు అమ్మాయివి కదూ, మళ్లీ చెప్పు. కుడికి. ఎందుకు? అవును, గది వదులవుతోంది, మైట్రల్ ఇంకా తెరవలేదు, కానీ అయోర్టా నుంచి రక్తం వెనక్కి పడుతోంది, వాల్యూమ్ పెరుగుతోంది, అందుకని దిగుతూ దిగుతూ కుడికి జరుగుతుంది. మరి దాని మర్మర్ ఏ మూల దగ్గర మొదలవుతుంది? ఎడమ పై మూల, రెండో శబ్దంతో. కరెక్టు. లైట్లు వెయ్యండి.