చలువ అద్దాల్లో ఏ రంగు దేనికి?

శ్రోతలకు నమస్కారం.

వాన వెలిసిన సాయంత్రం. రోడ్డంతా తడి. ఎదురుగా వాలుతున్న ఎండ ఆ తడి మీద పడి కళ్లలోకి కొడుతోంది. నేను పెట్టుకున్నవి బాగా నల్లటి చలువ అద్దాలే. అయినా ముందున్న గుంత కనపడలేదు, బండి అందులో పడ్డాక గానీ తెలియలేదు. అంత నల్లటి అద్దం పెట్టుకున్నా ఎందుకు కనపడలేదన్న ప్రశ్న ఆ రోజు నుంచి నన్ను వదల్లేదు.

కారణం చిన్న లెక్కలో ఉంది. రోడ్డు వెలుగు ఒక వంతు, దాని మీది మెరుపు పది వంతులు అనుకుందాం. బూడిద రంగు అద్దం రెండింటినీ ఒకే పాళ్లలో తగ్గిస్తుంది. నూటికి 15 పాళ్లే లోపలికి వదిలినా, మెరుపు రోడ్డు కన్నా పది రెట్లుగానే ఉంటుంది. కంటికి హాయిగా అనిపిస్తుంది గానీ, గుంత మాత్రం మెరుపు వెనకే దాగి ఉంటుంది. అద్దం ఇంకా నల్లగా చేసినా అంతే, పైగా గుంత మరింత మసకబారుతుంది.

ఆ మెరుపును విడిగా పట్టుకునేది రంగు కాదు, పోలరైజ్డ్ పొర. నీటి మీదా తారు రోడ్డు మీదా ఏటవాలుగా పడి తిరిగొచ్చే వెలుతురు ఎక్కువగా అడ్డంగా కంపిస్తుంది. ఈ పొర అడ్డంగా వచ్చే ఆ వెలుతురును ఆపి, మిగతాదాన్ని వదులుతుంది. అప్పుడు మెరుపు తగ్గి కింద ఉన్న రోడ్డు బయటపడుతుంది. అయితే దీనికీ హద్దులున్నాయి. ముందు కారు మీది క్రోమ్ పట్టీ లాంటి లోహపు మెరుపు దీనికి పెద్దగా లొంగదు. సూర్యుణ్ణి నేరుగా చూడాల్సి వచ్చినప్పుడూ ఇది ప్రత్యేకంగా చేసేదేమీ లేదు. కొన్ని డ్యాష్‌బోర్డు తెరలు ఈ అద్దాల్లోంచి నల్లగా కనపడతాయి కూడా.

కొనేటప్పుడు పరీక్ష సులువే. ఫోన్ తెర వెలిగించి, అద్దాన్ని దాని ముందు పట్టుకుని నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి. చాలా ఫోన్లలో ఒక కోణం దగ్గర తెర చీకటిగా మారుతుంది. అలా మారితే పోలరైజ్డ్ అన్నమాట.

మరి రంగుకు పనే లేదా అంటే, ఉంది. బూడిద రంగు అన్ని రంగుల్నీ దాదాపు సమానంగా తగ్గిస్తుంది కాబట్టి సిగ్నల్ దీపాలు, బ్రేకు దీపాలు ఉన్న రంగుల్లోనే కనపడతాయి. మండే ఎండలో గంటల తరబడి బండి నడిపేవారికి నేను చెప్పేది ఇదే. ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా సరిగా తెలియనివారైతే మరీ ముఖ్యంగా దీన్నే ఎంచుకోవాలి. బ్రౌన్ రంగు నీలపు వెలుతురును ఎక్కువగా తీసేస్తుంది. గాలిలోని సన్నటి ధూళి మసకలో చెదిరి చూపును పలచన చేసేది ఎక్కువగా ఆ నీలమే. అందుకే మబ్బు పట్టిన రోజున బ్రౌన్ అద్దంలోంచి రోడ్డు అంచు, గతుకులు గీత గీసినట్టు తేలతాయి. దానికి బదులుగా తెల్ల కాగితం కాస్త పసుపుగా కనపడుతుంది. ఆకుపచ్చ ఈ రెంటికీ మధ్యది. రంగుల్ని అంతగా మార్చదు, మన కన్ను బాగా పట్టుకునే పచ్చటి వెలుతురును కాస్త ఎక్కువగా వదులుతుంది. నీలం, గులాబీ అద్దాలు చూడటానికి బాగున్నా, సిగ్నల్ రంగుల్ని మార్చే ప్రమాదముంది కాబట్టి స్టీరింగ్ దగ్గర వద్దు.

సముద్రపు ఒడ్డున సంగతి వేరు. నీటి మీది తళతళకు పోలరైజ్డ్ పొర పనికొస్తుంది. పొడి ఇసుక మాత్రం వెలుతురును అన్ని వైపులా చెదరగొడుతుంది కాబట్టి అక్కడ కావాల్సింది నలుపే. అద్దాల కాడ లోపల కేటగిరీ అని ఒక అంకె ఉంటుంది. 3 అంటే 8 నుంచి 18 శాతం వెలుతురే లోపలికొస్తుంది. ఒడ్డున బూడిద రంగో ఆకుపచ్చో, ఈ 3వ కేటగిరీలో తీసుకుంటే చాలు. 4వది 3 నుంచి 8 శాతమే వదులుతుంది, మంచు కొండల ఎండకు తగినది. దాంతో బండి నడపకూడదు, సొరంగంలోకి వెళ్తే చీకటే.

ఇంకో మాట మరీ మరీ చెప్పాలి. అద్దం నలుపుకూ, అతినీలలోహిత కిరణాల్ని ఆపడానికీ సంబంధం లేదు. ఆ రక్షణ లేని నల్ల అద్దం వెనక కంటిపాప విప్పారుతుంది, ఆ కిరణాలు లోపలికి పోవడానికి దారి పెద్దదవుతుంది. రంగు ఏదైనా UV400 అని ఉందో లేదో చూడండి. ఇసుక మీద కిరణాలు పక్కల నుంచీ కింద నుంచీ కూడా వస్తాయి కాబట్టి, చెంపల దాకా ఒంపు తిరిగిన ఫ్రేమైతే మేలు.

ఎండకు తనంతట తాను నల్లబడే అద్దాలున్నవారు ఒకసారి గమనించండి. కారు ముందద్దం అతినీలలోహిత కిరణాల్లో చాలా భాగాన్ని ఆపేస్తుంది. అందువల్ల కారులో ఆ అద్దాలు చాలావరకు తెల్లగానే ఉండిపోతాయి. బండి నడపడానికి వేరే జత పెట్టుకోవాల్సిందే. పొద్దు గూకాక ఆ జతనూ తీసేయండి. రాత్రి దీపాల కోసమని అమ్మే పసుపు అద్దాలు కూడా వెలుతురును ఇంకొంచెం తగ్గించేవే.