లావెండర్ తలగడ స్ప్రే రివ్యూ: నిద్ర పట్టిస్తుందా?

నమస్కారం. బరంపురం నుంచి మాట్లాడుతున్నాను. ఈ బల్ల మీద ఉన్నది లావెండర్ తలగడ స్ప్రే. కంపెనీ పేరు మీద కాగితం అంటించాను, ఎందుకంటే ఇప్పుడు చెప్పబోయేది బజారులో దొరికే ఇలాంటి సీసాలన్నిటికీ వర్తిస్తుంది. పర్లాకిమిడి నుంచి మా పిన్ని ఫోను చేసి, "సీసా సగం అయిపోయింది గానీ తెల్లవారుజామున మూడింటికి మెలకువ రావడం మాత్రం మానలేదే" అంది. ఆవిడ సంగతి తర్వాత చెబుతాను. ముందు సీసా చూద్దాం.

వెనక వైపు చిన్న అక్షరాలు చదవండి. నీళ్లు, ఆల్కహాల్, నూనెను నీళ్లలో కలిపి ఉంచే పదార్థం, ఆ తర్వాత లావెండర్ నూనె. 'లావెండ్యులా అంగుస్టిఫోలియా' అని మొక్క పేరు ఉంటే నిజమైన నూనె వాడామని కంపెనీ చెబుతున్నట్టు. ఉత్త 'పెర్ఫ్యూమ్' అని మాత్రమే ఉంటే లావెండర్ లాంటి వాసన కొంటున్నారన్న మాట. ఆ నూనెలో ప్రధానమైనవి లినలూల్, లినలైల్ ఎసిటేట్. నిద్ర గురించిన చర్చంతా ఎక్కువగా వీటి చుట్టూనే తిరుగుతుంది.

ఇది నిజంగా పనిచేస్తుందా? 2005లో అమెరికాలో 31 మంది ఆరోగ్యవంతులైన యువతీయువకులను నిద్ర ప్రయోగశాలలో పడుకోబెట్టి, పడుకునే ముందు ఒక రాత్రి లావెండర్, మరో రాత్రి వాసన లేని నీటి ఆవిరి పీల్పించారు. లావెండర్ రాత్రి గాఢనిద్ర కొంత పెరిగింది. వినడానికి బాగానే ఉంది. అయితే వాళ్లంతా మామూలుగానే బాగా నిద్రపోయేవాళ్లు. నిద్ర పట్టక బాధపడేవారికి ఈ ఫలితాన్ని నేరుగా అంటగట్టలేం.

నాకు ఎక్కువ ఉపయోగపడింది 2015 నాటి మరో అధ్యయనం. నిద్ర సరిగా లేదని చెప్పిన 79 మంది కాలేజీ విద్యార్థులను రెండు గుంపులు చేశారు. రెండు గుంపులకూ మంచి నిద్ర అలవాట్లు నేర్పారు, ఒక గుంపుకు మాత్రం రాత్రిపూట ఛాతీ మీద లావెండర్ పట్టీ కూడా అంటించారు. పట్టీ పెట్టుకున్నవాళ్లు నిద్ర బాగా మెరుగైందని చెప్పారు. కానీ చేతికి కట్టిన పరికరం లెక్కలో నిద్రపోయిన సమయం రెండు గుంపులకూ చెప్పుకోదగ్గంత తేడా లేదు. అంటే నిద్ర పొడవు పెరగలేదు, పొద్దున లేచినప్పటి తృప్తి పెరిగింది. ఆ తృప్తి చిన్న విషయమేమీ కాదు, అయితే డబ్బు దేనికి పెడుతున్నామో తెలిసి పెట్టాలి కదా.

ఇక్కడ ఒక చిక్కుంది. మాత్రల ప్రయోగాల్లో ఉత్త మాత్ర ఇచ్చి మోసం చేయవచ్చు, వాసనతో అలా కుదరదు. లావెండర్ పీల్చినవారికి పీల్చామని తెలిసిపోతుంది. 2008లో యువతుల మీద చేసిన ఒక పరిశోధనలో, మనసు తేలికపడటానికి వాసన కన్నా 'ఇది తేలికపరుస్తుంది' అన్న నమ్మకమే కారణమని తేల్చారు. మరోవైపు 2018లో జపాన్‌లో ఎలుకలకు లినలూల్ వాసన చూపిస్తే భయం తగ్గింది, వాసన గ్రహించే శక్తి పోయిన ఎలుకలకు మాత్రం ఆ ప్రభావం రాలేదు. ఎలుకలకు ప్రకటనలు తెలియవు కాబట్టి వాసనలోనూ ఏదో ఉందనే అనుకోవాలి. నా తీర్పు ఏమిటంటే, పడుకోగానే ఆలోచనలు తరుముకొచ్చేవారికి ఇది కొంత సాయం చేయవచ్చు. దీర్ఘకాలిక నిద్రలేమికి ఇది వైద్యం కాదు.

ఇప్పుడు పిన్ని సంగతి. ఆవిడకు నిద్ర పట్టడంలో ఇబ్బందే లేదు. రాత్రి పదింటికి పడుకుంటే నిమిషాల్లో నిద్రపోతుంది, మూడింటికి లేస్తుంది. అక్కడికి అయిదు గంటలు. మధ్యాహ్నం భోజనం చేశాక రెండు గంటలు కునుకు. కూడితే ఏడు! రాత్రి నిద్ర తగ్గిందని ఆవిడ బాధపడుతోంది గానీ, రోజు మొత్తం మీద పెద్దగా తగ్గింది లేదు. పదింటికి చల్లిన వాసన ఫ్యాను గాలికి మూడింటిదాకా నిలవదు. పైగా ముక్కు కొద్దిసేపటికే ఒక వాసనకు అలవాటుపడి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. 'వాసన పోయింది' అనుకుని ఆవిడ మళ్లీ మళ్లీ చల్లుతుండటం వల్లే సీసా సగమైంది. పగటి కునుకు అరగంటకు కుదించి, రాత్రి పదకొండుకు పడుకోమన్నాను. ఇప్పుడు నాలుగున్నర దాటాకే లేస్తోంది. స్ప్రే మాత్రం మానలేదు, ఆ వాసన ఆవిడకు నచ్చింది.

వాడే పద్ధతికి వస్తాను. మన ఇళ్లలో ఇంకా బూరుగుదూది తలగడలున్నాయి. దాని మీద నేరుగా తడిసేలా చల్లకండి, మన సముద్రపు గాలి తేమకు లోపల ఆరక ముక్క వాసన పట్టేస్తుంది. ఉతికిన గలీబు మీద, లేదా చేతిరుమాలు మీద జానెడు దూరం నుంచి రెండుసార్లు కొట్టి, పావుగంట ఆరనిచ్చి తలగడ పక్కన పెట్టుకుంటే చాలు. ఆల్కహాల్ ఉన్న సీసా అయితే వెలుగుతున్న దోమల చుట్ట, దీపం దగ్గర కొట్టకండి. ముఖం మీద అసలే వద్దు. చంటిపిల్లల గదిలో, ఉబ్బసం ఉన్నవారి దగ్గర, పిల్లులు పడుకునే చోట వాడకపోవడమే మంచిది. నూనెను తాగడం గురించి ఎవరైనా చెబితే నమ్మకండి. జర్మనీలో ఆందోళనకు 80 మిల్లీగ్రాముల లావెండర్ మాత్రలు పరీక్షించిన మాట నిజమే, అది ప్రత్యేకంగా తయారుచేసిన మందు. ఈ సీసాతో దానికి సంబంధం లేదు.

చర్మం సంగతి చాలామంది చెప్పరు. జపాన్‌లో చర్మ సమస్యలతో వచ్చిన రోగులను పరీక్షిస్తే, లావెండర్ నూనె పడనివారు 1990లో 1.1 శాతం ఉండగా 1998 నాటికి 13.9 శాతానికి చేరారు. తలగడల్లో, బట్టల బీరువాల్లో ఎండు లావెండర్ పూలు పెట్టుకునే మోజు అప్పుడే పెరిగింది, పరిశోధకులు దాన్నే కారణంగా చూపారు. గాలి తగిలిన లినలూల్ క్రమంగా మారి చర్మానికి పడని పదార్థాలవుతుంది. అందుకే మూత గట్టిగా పెట్టి, ఎండ తగలని చల్లని చోట ఉంచాలి. వాసన పుల్లగా మారితే పారేయాలి. పడుకునే వైపు చెంప, కనురెప్పలు, చెవి వెనక దురద పుడితే స్ప్రే ఆపండి, గలీబు మార్చండి.

మీకు పనిచేస్తుందో లేదో తెలుసుకోవాలంటే వంటింట్లో ఉండే కేవడా నీళ్లు పనికొస్తాయి. గంజాం మొగలి పూల వాసన మనకెలాగూ ఇష్టమే. ఒక వారం రుమాలు మీద లావెండర్, మరో వారం కేవడా నీళ్లు చల్లి, పడుకున్న వేళ, లేచిన వేళ, పొద్దుటి హుషారు కాగితం మీద రాయండి. రెండు వారాలూ ఒకేలా ఉంటే లావెండర్ సీసా కొనక్కర్లేదు. మూడు నెలలుగా వారానికి మూడు రాత్రులైనా నిద్ర పట్టకపోతే, లేదా గురక మధ్యలో ఊపిరి ఆగుతోందని ఇంట్లోవాళ్లు చెబితే, ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఆయన మొదట అడిగే ప్రశ్నలకు జవాబులు చాలావరకు అందులోనే ఉంటాయి.