బావను ఏడిపిద్దాం, నొప్పించకుండా

పెద్దలకు నమస్కారం. సంగీత్‌కి స్కిట్ రాసే పిల్లలు ముందు వరసలో ఉన్నారు కాబట్టి నేరుగా మీతోనే మాట్లాడతాను.

మన పెళ్ళిళ్ళలో వేళాకోళం కొత్తేమీ కాదు. బువ్వంబంతిలో వియ్యాలవారిని దెప్పుతూ పాటలు పాడేవారు. గుమ్మంలో ఆడపడుచు అడ్డం నిలబడి పేర్లు చెప్పించేది. అయితే ఈమధ్య ఒక సంగీత్‌లో పెళ్ళికూతురి రంగు మీద స్కిట్ వేశారు. అందరూ నవ్వారు, ఆ అమ్మాయి కూడా నవ్వింది. వాళ్ళమ్మ మాత్రం లేచి బయటికి వెళ్ళిపోయింది. నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. రంగు, ఒళ్ళు, జీతం, పాత స్నేహాలు... వీటి జోలికి వెళ్ళకండి. మనిషి మార్చుకోలేనిదాని మీద జోక్ వెయ్యకండి!

మరి దేని మీద వెయ్యాలి? అలవాటు మీద. అబ్బాయి అలవాటును అతని చెల్లెలు చెప్పాలి, పాడేది మాత్రం అమ్మాయి తరఫువాళ్ళు. అమ్మాయి సంగతికి వచ్చేసరికి దీన్ని తిరగెయ్యండి. అప్పుడు రెండు వైపులా ముందే ఒప్పుకున్నట్టవుతుంది.

ఒకటి కట్టి చూపిస్తాను. అబ్బాయి ఎప్పుడూ ఆలస్యం. అమ్మాయి ఏదీ ఒక పట్టాన తేల్చుకోదు. మరదళ్ళు ఎత్తుకుంటారు:

ఐదే నిమిషాల్లో వస్తానన్నాడే, మా బావ వస్తానన్నాడే
గడియారం ముల్లు గుండ్రంగా తిరిగింది, మా బావ రానే లేదే!

వెంటనే మరుదులు అందుకుంటారు:

ఏదైనా పర్లేదు అంటుందే, మా వదిన ఏదైనా అంటుందే
పది చూపించాక పెదవి విరిచి, మొదటిదే బాగుందంటుందే!

ఇక్కడితో ఆపితే అది దెప్పడమే. మూడో చరణంలో రెండు లోపాలనూ కలపాలి, అసలు పని అక్కడుంది. ఇది అందరూ కలిసి పాడాలి:

ఆలస్యం బావది, ఆలోచన వదినది, జోడీ భలే కుదిరిందే
ఈమె తేల్చుకునేలోగా ఆయన వచ్చేస్తాడు, ఎదురుచూపే లేదే!

చూశారా, ఎవరూ ఓడిపోలేదు. అతని ఆలస్యం ఆమెకు కలిసొచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్లకీ, ఎనభై ఏళ్ళ బామ్మకీ విడమరిచి చెప్పక్కర్లేదు. చెవిలో చెబితే తప్ప అర్థంకాని జోక్ ఉంటే కొట్టెయ్యండి.

ఇంకో మాట, మైకు గురించి. నలుగురు నటులు ఒకే మైకు చేతులు మార్చుకుంటుంటే సగం మాటలు ఎవరికీ వినపడవు. మాటలన్నీ ఒక్కరే మైకు దగ్గర నిలబడి చెప్పండి, మిగతావాళ్ళు అభినయించండి. బావ వేషం వేసినవాడు జనం మధ్యలోంచి చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తుకొస్తే చాలు, మాటే అక్కర్లేదు. మొత్తం ఐదు నిమిషాలు దాటనివ్వకండి.

రాసింది ముందుగా రెండు వైపుల నుంచీ ఒక్కో పెద్దావిడకు వినిపించండి. ఆవిడ మొహం ఏ వాక్యం దగ్గర బిగిసిందో చూసి, దాన్ని అక్కడే తీసెయ్యండి, వాదించకండి.

ఏమ్మా, వెనక వరస! ఆ మూడో చరణం ఒకసారి అందుకోండి, అందరికీ ఒకే శ్రుతిలో వస్తుందో లేదో చూద్దాం.