డాక్సీసైక్లిన్ మాత్ర, చెరువు గట్టు ఎండ

నమస్కారమండి. భీమవరం వైపు రొయ్యల చెరువు దగ్గర పనిచేసే 19 ఏళ్ల కుర్రాణ్ణి ఊహించుకోండి. బుగ్గల మీద, వీపు మీద చీము పట్టిన ఎర్ర మొటిమలు. డాక్టరుగారు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్ర 100 మిల్లీగ్రాములది రోజుకొకటి రాశారు. రాత్రి పూసుకోవడానికి అడాపలీన్, బెంజాయిల్ పెరాక్సైడ్ కలిసిన జెల్ కూడా ఇచ్చారు. మంటగా ఉందని జెల్ పక్కన పెట్టి మాత్ర ఒక్కటే మింగితే, మొటిమల్లోని బ్యాక్టీరియా మందుకి మొండికేస్తుంది.

రెండు వారాలకి తేడా లేదని మానేయొద్దు. కొత్తవి తగ్గుతున్నాయని తెలియడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. 12 వారాలకి మళ్లీ చూపించుకోవాలి. తగ్గితే మాత్ర ఆపి జెల్ కొనసాగిస్తారు. ఇంకా తగ్గుతూ ఉంటే మరికొన్ని వారాలు, మామూలుగా 4 నెలలు దాటనివ్వరు. ఏ మార్పూ లేకపోతే ఆ మాత్రనే పొడిగించడం దండగ, మందు మార్చాలి. ఇక్కడే చాలామంది పొరపడతారు: నల్లమచ్చలు పోలేదని మాత్ర సాగదీస్తారు. మచ్చ మీద ఈ మందు పనిచేయదండి. లెక్క పెట్టాల్సింది కొత్తగా లేచే మొటిమల్ని.

ఇక ఎండ. ఈ మందు ఒంట్లో ఉంటే చర్మం ఎండకి తేలిగ్గా కమిలిపోతుంది. గట్టు మీద మేత చల్లేటప్పుడు పైనుంచి ఎండ, కిందనుంచి నీటి మెరుపు. ముక్కు దూలం, మెడ వెనక, చేతుల పైభాగం కొన్ని గంటల్లోనే ఎర్రబడి, నిప్పు తగిలినట్టు మండుతాయి. ఒక్కోసారి గోరు కింద చర్మం నుంచి ఊడి తెల్లగా కనిపిస్తుంది.

"రాత్రి వేసుకుంటే సరిపోతుంది కదండీ" అంటారు. సరిపోదు. మందు సగానికి తగ్గడానికే సుమారు 18 గంటలు పడుతుంది, తెల్లారి ఎండెక్కేసరికి ఒంట్లో ఉండనే ఉంటుంది. పైగా మాత్ర గుటకేసి వెంటనే పడుకుంటే అది అన్నవాహికలో అంటుకుని పుండు చేస్తుంది, మర్నాడు మంచినీళ్లు మింగినా గుండెల్లో గుచ్చుతుంది. భోజనం తర్వాత నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని, కనీసం అరగంట నిటారుగా ఉండాలి. ఐరన్, కాల్షియం మాత్రలు, గ్యాస్ మందులు రెండు మూడు గంటల ఎడంతో వేసుకోవాలి.

గట్టు మీదికి పొడుగు చేతుల చొక్కా, వెడల్పు టోపీ. బయటపడ్డ చోట ఎండలోని యూవీఏ కిరణాల్ని కూడా ఆపే, ఎస్పీఎఫ్ 30 పైనున్న సన్‌స్క్రీన్ మందంగా రాసి, రెండు గంటలకోసారీ, చెమట పట్టినప్పుడూ మళ్లీ రాయాలి. ఇంత చేసినా కమిలితే మాత్ర ఆపి, నీడపట్టున ఉండి డాక్టరుకి ఫోన్ చేయండి. పగలంతా ఎండలో ఉండక తప్పనివాళ్లు ఆ సంగతి మందు రాసేముందే చెప్పాలి, వేరే దారి చూస్తారు.

12 వారాల గడువుతో పనిలేకుండా వెంటనే ఆపాల్సినవీ ఉన్నాయి: ఎడతెగని తలనొప్పితో చూపు మసకబారడం, ఒళ్లంతా దద్దుర్లు, మింగితే నొప్పి, ఆగని విరేచనాలు, గర్భం వచ్చిందని అనుమానం. చూపు మసకబారితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి, తలలో ఒత్తిడి పెరిగి ఉండొచ్చు. తీవ్రమైన మొటిమలకి ఇచ్చే ఐసోట్రెటినోయిన్ అనే మందుతో కలిపి వాడితే ఆ ప్రమాదం ఎక్కువ, అందుకే ఆ రెండూ ఒకేసారి వాడకూడదు. ఆపేటప్పుడు డోసు మెల్లగా తగ్గించక్కర్లేదండి, ఒకేసారి ఆపేయొచ్చు.