అన్నవాహిక పొర మారితే ఎండోస్కోపీ ఎన్నాళ్లకోసారి?

యాంకర్: ఖమ్మం నుంచి ఒకరు లైన్‌లో ఉన్నారు. చెప్పండి.

శ్రోత: నమస్కారం డాక్టరు గారూ. నాకు 56 ఏళ్లు. చాలా ఏళ్లుగా గుండెల్లో మంట. మొన్న ఎండోస్కోపీ చేసి అన్నవాహిక లోపలి పొర మారిందని, దాన్ని బారెట్స్ అంటారని చెప్పారు. క్యాన్సర్ అవుతుందని భయపడి మా అబ్బాయి ఆరు నెలలకోసారి చేయించమంటున్నాడు.

డాక్టర్: ముందు రిపోర్టు చదవండి. ‘సి’, ‘ఎం’ అని అంకెలున్నాయా?

శ్రోత: సి 1, ఎం 2 అని ఉందండీ.

డాక్టర్: అంటే మారిన పొర అన్నవాహిక చుట్టూ ఒక సెంటీమీటరు, నాలుకలా పైకి పాకిన చోట రెండు సెంటీమీటర్లు ఉంది. ఆమ్లం ఏళ్ల తరబడి పైకి తన్నడంతో అక్కడి పొర పేగు పొరలా మారింది. బయాప్సీలో డిస్ప్లేసియా, అంటే క్యాన్సర్ వైపు మళ్లిన కణాలు ఉన్నాయన్నారా?

శ్రోత: లేవని రాశారు. రెండు ముక్కలు తీశారట. పుండ్లు కూడా ఉన్నాయన్నారు.

డాక్టర్: నాకు నచ్చనిది అదే. మారిన పొర పొడవునా ప్రతి రెండు సెంటీమీటర్లకు చుట్టూ నాలుగు ముక్కలు తీయాలి. అనుమానంగా కనిపించిన చోట విడిగా తీయాలి. రెండే ముక్కలతో ‘లేదు’ అంటే నమ్మకం చాలదు. పైగా పుండ్లున్నప్పుడు వాపు కణాలు డిస్ప్లేసియాలా కనిపించి పాథాలజిస్టునూ తికమకపెడతాయి. మీ డాక్టరు చెప్పిన మోతాదులో ఆమ్లం తగ్గించే మాత్ర ఎనిమిది నుంచి పన్నెండు వారాలు వాడి, పుండ్లు మానాక మళ్లీ పరీక్ష చేయించండి.

శ్రోత: అప్పుడూ లేదంటే?

డాక్టర్: మూడు సెంటీమీటర్ల లోపే కాబట్టి తర్వాతిది ఐదేళ్లకు. మూడు, ఆపైన ఉంటే మూడేళ్లకు. డిస్ప్లేసియా లేనివారిలో ఏడాదికి వెయ్యి మందికి మహా అయితే ముగ్గురికే క్యాన్సర్ వస్తుంది. పొడవు తక్కువైతే ఇంకా తక్కువ. ఆరు నెలలకోసారి గొట్టం దించితే మీ జేబు ఖాళీ అవడమే తప్ప ఒరిగేదేమీ లేదు. ఆ సంగతి మీ అబ్బాయికి చెప్పండి.

శ్రోత: డిస్ప్లేసియా ఉందంటే?

డాక్టర్: అదే స్లైడును ఇలాంటివి తరచూ చూసే మరో పాథాలజిస్టుకు చూపించాలి. తక్కువ స్థాయి అన్నది రెండో చూపులో చాలాసార్లు మారిపోతుంది. ఖాయమైతే ఎండోస్కోపీ ద్వారానే ఆ పొరను వేడితో కాల్చేస్తారు, లేదా దగ్గర దగ్గరగా పరీక్షిస్తూ ఉంటారు.

శ్రోత: ఇప్పుడు మంట లేదు. మాత్ర మానేయవచ్చా?

డాక్టర్: మానొద్దు. మారిన పొరకు మంట అంతగా తెలియదు, అందుకే మంట తగ్గడం కొలత కాదు. ఉదయం టిఫినుకు అరగంట ముందు వేసుకోండి. ముద్ద అడ్డుపడినా, బరువు తగ్గినా, మలం నల్లగా వచ్చినా ఐదేళ్ల తేదీ కోసం ఆగకండి, వెంటనే వెళ్లండి.