ధర చెప్పే ముందు పంపాల్సిన మెసేజ్

ఫైనలియర్ తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నమస్కారం.

ఫ్రీలాన్స్ అనగానే అందరూ విదేశీ సైట్లలో ప్రొఫైల్ ఎలా పెట్టాలని అడుగుతారు. నేను మన ఒంగోలు చుట్టుపక్కల, తెలిసినవాళ్ల ద్వారా వచ్చే మొదటి పని గురించే చెబుతాను.

చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్ వ్యాపారం చేసే ఒకాయన మిమ్మల్ని పిలిచి, "మాకో వెబ్‌సైట్ చెయ్యి అబ్బాయా, ఎంతవుద్ది?" అన్నారనుకుందాం. చాలామంది అక్కడికక్కడే "పదివేలు సార్" అనేస్తారు. రాళ్ల ఫొటోలు మీరే తీస్తారని ఆయన అనుకుంటారు, ఆయనే పంపుతారని మీరనుకుంటారు. నెల తిరిగేసరికి సైజుల పట్టిక, హిందీ పేజీ వచ్చి చేరతాయి. డబ్బు మాత్రం అదే పదివేలు.

అందుకే ఒక్కరోజు టైమ్ అడిగి, ఇంటికొచ్చి వాట్సాప్‌లో ఇలా రాసి పంపండి: "ఐదు పేజీలు చేస్తాను. ఇరవై రకాల రాళ్ల ఫొటోలు, వివరాలు మీరిస్తారు. మార్పులు రెండుసార్లు చేస్తాను, ఆపైన అయితే విడిగా లెక్క. డొమైన్, హోస్టింగ్ ఖర్చు మీది, కొనేది కూడా మీ పేరు మీదే." ఆయన సరేనన్నాకే ధర చెప్పండి.

డొమైన్ సంగతి చిన్నదిగా తీసుకోకండి. మీ మెయిల్‌తో కొంటే రెన్యువల్ నోటీసు ఏడాది తర్వాత మీకే వస్తుంది. అప్పటికి మీరు బెంగళూరులో ఉద్యోగంలో ఉంటారు. దాన్ని గమనించకపోతే ఆయన సైట్ ఆగిపోతుంది, మాట మీకొస్తుంది.

ఇక ధర. డిజైన్‌కీ కోడ్‌కీ 24 గంటలు, మాట్లాడటానికీ మార్పులకీ 12 గంటలు అనుకోండి. ఈ రెండోది లెక్కలో వేసుకోనివాళ్లే ఎక్కువ. మొత్తం 36 గంటలు, గంటకు 300 చొప్పున 10,800 రూపాయలు. చదువు పోను రోజుకు రెండు గంటల చొప్పున వారానికి ఆరు రోజులు కూర్చుంటే మూడు వారాల పని. ఆయనకు మాత్రం నాలుగు వారాలని చెప్పండి, మధ్యలో ప్రాజెక్ట్ రివ్యూ ఒకటి ఎలాగూ వస్తుంది. గడువు ఫొటోలన్నీ అందిన రోజు నుంచి మొదలవుతుందని రాయండి. సెమిస్టర్ పరీక్షల తేదీలు కూడా ఆ మెసేజ్‌లోనే పెట్టండి.

అడ్వాన్స్‌గా 4,000, డిజైన్ చూపించాక 3,400, సైట్‌ని ఆయన హోస్టింగ్‌లోకి ఎక్కించే ముందు మిగతా 3,400 తీసుకోండి. అడ్వాన్స్ అడగడానికి మొహమాటం వద్దు. "రేపు, ఎల్లుండి" అని అడ్వాన్స్‌కే వారాల తరబడి తిప్పేవారు చివరి డబ్బుకీ అలాగే తిప్పుతారని నా నమ్మకం. అడ్వాన్స్ అందేదాకా కోడ్ మొదలుపెట్టకండి.

సైట్ లింకు మీ రెజ్యూమేలో పెట్టుకోవచ్చా అని కూడా మొదట్లోనే అడిగేయండి. ఆ మాట తర్వాత గుర్తురాదు.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.