కింద పార్కింగ్, పైన గోడలు: షేక్ టేబుల్ మీద చూద్దాం

విజయవాడలో ఏ అపార్ట్‌మెంట్ చూసినా కింద మొత్తం పార్కింగే కదా, పిల్లర్లు తప్ప గోడలుండవు, పై ఫ్లోర్లలో మాత్రం అన్నీ ఇటుక గోడలే. భూకంపాలకి మన దేశంలో వాడే కోడ్ IS 1893:2016 ప్రకారం మన ఊరు జోన్ 3. 2001 భుజ్ భూకంపంలో అంత దూరాన ఉన్న అహ్మదాబాద్‌లో పడిపోయినవాటిలో ఇలా కింద ఖాళీగా ఉన్నవి చాలా ఉన్నాయి. ఎందుకో చూద్దాం.

షేక్ టేబుల్ అంటే భూకంపంలా ఊపే టేబుల్, చేయడం సింపుల్. ప్లైవుడ్ కింద రెండు డ్రాయర్ చానెల్స్, వన్‌టౌన్‌లో ఏ హార్డ్‌వేర్ షాపులో అడిగినా ఇస్తారు. 12 వోల్టుల 300 ఆర్‌పీఎం గేర్ మోటార్, స్పీడ్ కంట్రోలర్. మోటార్ చక్రం మీద సెంటర్ నుంచి 3 మిల్లీమీటర్ల దూరంలో బోల్టు పెట్టి, దానికి కడ్డీ తగిలిస్తే టేబుల్ ముందుకీ వెనక్కీ ఊగుతుంది.

[క్లోజప్: బోల్టు]

ఈ బోల్టు దగ్గర లూజ్ ఉంటే టకటకమని కొడుతుంది, అప్పుడు మీరు చూసేది మీరిచ్చిన ఊపు కాదు. ఫోన్‌ని ఖాళీ టేబుల్‌కి టేప్ వేసి, ఊపుని కొలిచే phyphox యాప్ ఓపెన్ చేయండి, గ్రాఫ్ నున్నగా అలలా రావాలి, ముళ్లులా వస్తే వాషర్ వేసి బిగించాలి.

ఇప్పుడు బిల్డింగ్. పిల్లర్లకి 60 సెంటీమీటర్ల స్టీల్ స్కేళ్లు రెండు, ఒక్కోటి 1 మిల్లీమీటర్ మందం. 20 సెంటీమీటర్లకొక ఫ్లోర్, అలా మూడు, ఒక్కోటి కిలో బరువు. స్కేలు ప్రతి ఫ్లోర్ దగ్గరా పట్టీ వేసి రెండు స్క్రూలతో నొక్కిపట్టాలి, ఒక్క స్క్రూతో వదిలేస్తే అక్కడ తిరిగిపోయి స్టిఫ్‌నెస్ బాగా పడిపోతుంది. పై ఫ్లోర్‌ని వేలితో లాగి వదిలి ఊపులు లెక్కపెట్టండి, 10 సెకన్లకి సుమారు 23 రావాలి, బాగా తక్కువొస్తే జాయింట్లు లూజే.

మోటార్ స్పీడ్ మెల్లగా పెంచుకుంటూ 140 ఆర్‌పీఎం దగ్గరికొస్తే, అంటే మోటార్ ఊపు ఫ్రేమ్ సొంత ఊపుతో కలిస్తే, ఫ్రేమ్ గట్టిగా ఊగుతుంది, కానీ మూడు ఫ్లోర్లూ తలా కొంచెం వంగుతాయి.

ఇప్పుడు పై రెండు ఫ్లోర్లకి సన్‌ప్యాక్ షీట్ గోడలు బిగించి కింద ఖాళీగా వదిలేద్దాం. బిల్డింగ్ గట్టిపడింది, ఊపులు 10 సెకన్లకి 30 దాకా వెళ్తాయి, చూసి సేఫ్ అయిపోయింది అనుకుంటాం. 180 ఆర్‌పీఎం దగ్గర చూడండి.

[స్లో మోషన్: కింది స్కేళ్లు]

పై రెండూ ఒకే పెట్టెలా కదులుతున్నాయి, వంపు మొత్తం కింది 20 సెంటీమీటర్లలోనే! మూడు ఫ్లోర్లు పంచుకోవాల్సింది ఆ రెండు స్కేళ్లే మోస్తున్నాయి. ఇక్కడ ఎక్కువసేపు ఉంచకండి, కింది ఫ్లోర్ రెండు సెంటీమీటర్లు దాటి జరిగితే స్కేలు వంగినది వంగినట్టే ఉండిపోవచ్చు.

కింద రెండు వైపులా బైండింగ్ వైర్‌తో ఎక్స్ ఆకారంలో బిగుతుగా కట్టి మళ్లీ నడిపితే, 300 దాకా పెంచినా ఆ పెద్ద ఊపు రాదు, ఎందుకంటే దాని సొంత ఫ్రీక్వెన్సీ మన మోటార్ అందుకోలేనంత పైకెళ్లిపోయింది.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, స్కేలు కాంక్రీట్‌లా పగలదు, మన టేబుల్ ఒకే దిక్కుకి ఒకే లయలో ఊగుతుంది. కాబట్టి వంపు ఎక్కడ చేరుతుందో చెప్తుంది గానీ, మీ అపార్ట్‌మెంట్ ఎంత భూకంపానికి ఆగుతుందో ఇది చెప్పలేదు, దానికి స్ట్రక్చరల్ ఇంజనీర్ పిల్లర్ల డ్రాయింగులు తీసి చూడాల్సిందే.